సూదికి ముందు డెమో

కుర్చీలో కూర్చోకముందే మహిపాల్ చెప్పేశాడు.

"మేడం, సూది ముచ్చటైతే నేను పోత. ముందే చెప్తున్న."

పక్కన తల్లి భూలక్ష్మి నెత్తి పట్టుకుంది. "బస్సుల సుత గిదే పాట మేడం. పక్క సీటామె సుత సూది వద్దంటదిగ ఇప్పుడు."

పంజాగుట్టలో మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో ఉంది డాక్టర్ హైందవి క్లినిక్. మహిపాల్ స్కిజోఫ్రీనియాకు ఆమె దగ్గరే మందు వాడుతున్నాడు. వాడుతున్నాడు అనడం కంటే, వాడుతూ మానేస్తున్నాడు అనడం సరి. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో అతను జావా చెబుతాడు. పొద్దున ఏడింటి బ్యాచ్ అతనిది. రాత్రి ఒలాంజపిన్ మాత్ర వేసుకుంటే ఆ మత్తుకు ఏడింటికి లేవలేడు. అందుకని బ్యాచ్ మొదలవగానే మాత్ర ఆపేసేవాడు. కొన్ని నెలలకు గొంతులు వినిపించేవి. కిందటిసారి ప్రొజెక్టర్‌లోంచి ఎవరో తిడుతున్నారని క్లాసు మధ్యలో ప్లగ్గు పీకేశాడు. ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కొత్త బ్యాచ్ అతనికే ఇస్తామన్నారు. ఇంకోసారి ఇలా అయితే ఫ్లెక్సీ మీద వేరే పేరు ఉంటుందనీ అన్నారు.

ఇంటికొచ్చాక మాత్రలు దిండు కింద దొరికాయి. భూలక్ష్మి ఒకటి నూరి చాయ్‌లో కలిపింది. గ్లాసు అడుగున పొడి కనిపించింది కొడుక్కి. ఆ రోజు నుంచి అతను ఇంట్లో చాయ్ ముట్టలేదు.

ఆ సంగతి భూలక్ష్మే చెప్పింది, తల వంచుకుని.

"ఇక ఆ పని చేయకండి," అంది హైందవి. "ఆయనకు తెలియకుండా ఏదీ వద్దు." తర్వాత మహిపాల్ వైపు తిరిగింది. "సూది ఎందుకు వద్దు? మీరు చెప్పండి, నేను వింటా."

మహిపాల్ కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

"మొదటిసారి అడ్మిట్ చేసినప్పుడు నలుగురు పట్టుకున్నరు మేడం. బోర్లా పండవెట్టిండ్రు. ప్యాంటు గుంజి పొడిచిండ్రు. ఏం మందో తెల్వదు. మొఖాలు యాదికున్నయి."

హైందవి పెన్ను కింద పెట్టింది. "అలా జరగకుండా ఉండాల్సింది. నేను చెప్పే సూది వేరు, ఒకసారి వేస్తే వారాల తరబడి పనిచేస్తుంది. మొదటి రెండు సూదులూ భుజానికే. చొక్కా చేయి పైకి మడిస్తే చాలు. మీరు వద్దంటే వేయను. వద్దన్నా మీ వైద్యం నేనే చూస్తా."

మహిపాల్ ఇప్పుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. క్లాసులో ప్రశ్న అడిగే కుర్రాళ్లు అలాగే జరుపుకుంటారు.

"ఎన్ని రకాలున్నయి?"

"చాలా. పాతది హలోపెరిడాల్, చవక. మాత్రగా వేసుకున్నప్పుడు మీకేమైంది?"

"చెయ్యి బిగుసుకుపోయింది. మార్కర్ పట్టుకోరాలే."

"అయితే అది వద్దు. అరిపిప్రజోల్‌తో మీకు కాళ్లు నిలవలేదు, వరండా అంతా తిరిగారు. అదీ వద్దు. రెండు వారాలకోసారి వేసే రిస్పెరిడోన్ సూది ఒకటుంది. దానికి మొదటి మూడు వారాలు మాత్రలు కూడా వేసుకోవాలి."

"ఇగ దాన్ని సుత కొట్టెయ్యిండ్రి," అంది భూలక్ష్మి. మహిపాల్‌కు కూడా నవ్వొచ్చింది.

మిగిలింది పాలిపెరిడోన్. నెలకోసారి. హైందవి కాగితం మీద ఒక గీత గీసి చూపించింది. కండలోంచి మందు మెల్లగా కరుగుతుంది. నెలకో మామూలు డోసే ఇచ్చుకుంటూ పోతే ఒంట్లో సరిపడా చేరడానికి నెలలు పడుతుంది. అందుకే మొదట ఒక భుజానికి నూట యాభై మిల్లీగ్రాములు, వారం తర్వాత రెండో భుజానికి వంద. ఆ రెండింటితో వారంలోనే మందు అందుతుంది. సూది మొదలయ్యాక మాత్ర అక్కర్లేదు. ఆ తర్వాత నెలకోసారి కొంచెం తక్కువ డోసు, భుజానికో పిరుదుకో, అతను చెప్పిన చోట.

"లాభాలే చెప్తున్నరు," అన్నాడు మహిపాల్.

"నష్టాలూ వినండి. బరువు పెరగొచ్చు. కాళ్లు నిలవకపోవచ్చు, చేతులు బిగుసుకోవచ్చు. ఒక హార్మోన్ పెరిగి కోరిక తగ్గొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి వేశాక వెనక్కి తీయలేను. పడకపోయినా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది."

మహిపాల్ వెనక్కి ఆనుకున్నాడు.

"అన్‌డూ లేదు. మా గల్లీల ఎంత పెద్ద మోసగాడైనా డెమో క్లాసు లేకుండా ఫీజు అడగడు మేడం. మీరు డెమో లేకుండా చేరమంటున్నరు."

హైందవి గుంటూరు మనిషి. హైదరాబాదు వచ్చిన కొత్తలో అమీర్‌పేట మైత్రీవనం ముందు ఆ డెమో కరపత్రాలు ఆమె చేతిలోనూ పెట్టేవారు.

"డెమో ఉంది," అంది. "రిస్పెరిడోన్ మాత్ర. ఒంట్లోకి వెళ్లాక అది చాలావరకు ఈ పాలిపెరిడోన్‌గానే మారుతుంది. అది పడిందో లేదో చూడకుండా నేను సూది వేయను. ఈలోగా కిడ్నీకి, షుగరుకు రక్తం పరీక్ష చేయిద్దాం. రెండు వారాలు వేసుకోండి. నచ్చకపోతే చేరొద్దు."

"మాత్రకైతే సరే. సూదికి మాత్రం కాదు," అన్నాడు మహిపాల్.

మాత్ర పడింది. పొద్దున లేవగలిగాడు. చెయ్యి బిగియలేదు, కాళ్లు నిలిచాయి. గొంతులు రాలేదు. కానీ వాళ్లుండే ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒకటే తంతు. ఆఫీసు నుంచి వచ్చిన చీర కూడా మార్చకుండా భూలక్ష్మి నీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

"నోరు తెర్వు బిడ్డా."

"ఏసుకున్ననే అమ్మా."

"నాలిక లేపు."

సెల్‌ఫోన్ లైటు వేసి చూసేది. అటెండర్ కొలువులో ఒక్క సారుతోనూ మాట పడని మనిషి. కొడుకు నోట్లో లైటు వేస్తున్నప్పుడు మాత్రం ఆమె అతని కళ్లలోకి చూసేది కాదు. మహిపాల్ అది ఒకరోజు గమనించాడు. ఆమెకూ ఇది చేయాలని లేదు. నెలకోసారి క్లినిక్‌లో చొక్కా చేయి మడవడం ఒకటి. రోజూ ఈ గుమ్మంలో నోరు తెరవడం ఒకటి. రెండింట్లో ఏది తలవంపో అతనికి అర్థమైంది.

రెండు వారాలు నిండాక, సోమవారం ఒక్కడే క్లినిక్‌కు వెళ్లాడు.

"అమ్మగారు రాలేదా?" అంది హైందవి.

"ఆమె ఎందుకు మేడం? చేరేది నేను."

రక్తం పరీక్షలు బాగానే వచ్చాయి. ఒప్పుదల కాగితం మీద సంతకం అతనే పెట్టాడు. నర్సు రాగసుధ బరువు చూసింది. తొంభై కిలోలు దాటలేదు కాబట్టి చిన్న సూది చాలంది. సిరంజిని పట్టుకుని గట్టిగా ఊపింది.

"దగ్గు మందా సిస్టర్, గట్ల ఊపుతున్నరు?"

"ఊపకుంటే మందు అడుగునే ఉంటది అన్న. భుజం వదులు చెయ్యి."

అతనే చొక్కా చేయి మడిచాడు. ఎవరూ అతన్ని పట్టుకోలేదు. ఎడమ భుజం మర్నాటి దాకా నొప్పి పెట్టింది.

రెండోది వచ్చే సోమవారం, కుడి భుజానికి. అదే సోమవారం కొత్త బ్యాచ్ డెమో. మహిపాల్ ఫోన్ చేశాడు.

"మేడం, ఆనాడు పొద్దంత క్లాసులే. కుడిది బోర్డు మీద రాసే చెయ్యి. జర జరపొస్తదా?"

"నాలుగు రోజులు ముందైనా వెనకైనా పర్వాలేదు. డెమో అయ్యాక వస్తారా?"

వెనక్కి జరపడం మహిపాల్‌కు బాగా అలవాటైన పని.

"వద్దు మేడం. ముందే. శనివారం వస్త."

శనివారం వెళ్లాడు. సోమవారం పొద్దున ఏడింటికి హాలు నిండింది, వెనక గోడ వెంట కూడా నిలబడ్డారు. బయట ఫ్లెక్సీ మీద అతని పేరే ఉంది. కుడి భుజంలో కొంచెం సలుపు ఉంది. బోర్డు పైఅంచు నుంచి కింది దాకా రాశాడు.

"అన్నా, డెమో అయినంక నచ్చకపోతే?" అన్నాడు ఒకడు.

"పో. ఎవ్వడు ఆపడు. నచ్చి చేరినంక మాత్రం నడుమ మానొద్దు."

హాలు నవ్వింది. చాలామంది అప్పుడే పేర్లు రాయించుకున్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచాడు.

"అమ్మా, చాయ్ పెట్టు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. తర్వాత స్టవ్వు వెలిగింది. భూలక్ష్మి గ్లాసు తెచ్చి ఇచ్చి, అలవాటుకొద్దీ గుమ్మంలో నిలబడింది.

"ఏం చూస్తున్నవే?"

"ఏం లేదురా. చక్కెర సరిపోయిందా అని."

మహిపాల్ అడుగు దాకా తాగి ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"జర తక్కువైంది. రేపు సరిగ్గ ఎయ్యి."