గులాబీ పట్టీ

వేదిక మీద మాట్లాడబోయే రోగిని పరిచయం చేసేవాడు ముందుగా ఆ మనిషి ఇంటికి వెళ్లి, తాను ఏం చెప్పబోతున్నాడో చదివి వినిపించాలి. వద్దన్నది కొట్టేయాలి. సభ రోజున, వేదిక ఎక్కే ముందు, ఇంకోసారి అడగాలి. మా ఊరి ఆసుపత్రిలో రోగులకు సలహాలు చెప్పే కౌన్సిలరమ్మ పెట్టిన నియమం ఇది. మా ఆవిడకు జరిగింది చూశాక పెట్టింది.

మా ఆవిడ లెక్కల టీచరు. ఆ ఆసుపత్రి హాల్లోనే, ఇలాంటి కేన్సరు అవగాహన సభలోనే, పెద్ద డాక్టరు ఆమెను పరిచయం చేశాడు. తెర మీద ఆమె స్కాను బొమ్మ వేశాడు. ఏ రొమ్ము తీసేశారో, ఏ మందు పని చెయ్యలేదో చెప్పాడు. ఆమె ట్యూషను పిల్లలు, వాళ్ల తల్లులు వింటున్నారు. లెక్కలు చెబుతుందన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు. ఆ తర్వాత ఆమె ట్యూషను మానేసింది. "పిల్లలు బోర్డు చూడట్లేదండీ, నా జాకెట్టు వైపు చూస్తున్నారు" అంది. పోయే దాకా మళ్లీ సుద్దముక్క పట్టలేదు. ఆ డాక్టరును నేను క్షమించలేదు. క్షమించను కూడా.

ఈసారి మాట్లాడేది క్లచ్చమ్మ. డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. నేర్చుకునేవాళ్ల మీద "క్లచ్చు, క్లచ్చు!" అని అరిచి అరిచి ఆ పేరు తెచ్చుకుంది. ఆమె కారులో నేర్పేవాళ్ల వైపు ఉండే రెండో బ్రేకు బిగించిన మెకానిక్కును నేనే. ఆమెకూ మా ఆవిడకూ ఒకే వార్డులో మందులు ఎక్కించేవారు. పరిచయం నన్నే చెయ్యమని ఆమె అడిగిందట. అందుకే ఒప్పుకున్నాను. లేకపోతే ఆ హాలు గడప తొక్కేవాణ్ణి కాదు.

డ్రైవింగ్ స్కూలు గదిలో కూర్చుని నేను రాసుకున్నది చదివాను.

"ధైర్యవంతురాలు తీసెయ్ బాబాయ్" అంది. "ధైర్యం కావాల్సింది జబ్బుకి కాదు. రివర్సు నేర్చుకునేవాడి పక్కన కూర్చోడానికి."

"పోరాడి?"

"అదీ తీసెయ్. నేనేం పోరాడాను? సూది గుచ్చితే పడుకున్నాను. మా పిన్నీ అంతేగా? ఆవిడేమన్నా సరిగ్గా పోరాడలేదా పోవడానికి?"

నేను కొట్టేశాను.

"మరి ఏం చెప్పమంటావు?"

"క్లచ్చమ్మ అని చెప్పు. ఊళ్లో సగం మంది ఆడవాళ్లకి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పానని చెప్పు. చికిత్స అయ్యి ఐదేళ్లు, ఇప్పుడు బాగుంది అని చివర్లో ఒక ముక్క. చాలు."

సభ రోజున వేదిక వెనక గదిలో ముగ్గురం ఉన్నాం. కౌన్సిలరమ్మ నియమం ప్రకారం అడిగింది. "ఏమైనా మార్చాలా అక్కా?"

క్లచ్చమ్మ నా చేతిలోని కాగితం తీసుకుంది. చివరి ముక్క మీద వేలు పెట్టింది.

"ఇది తీసెయ్ బాబాయ్. ఇప్పుడు బాగుంది అన్నది."

నడుము నొప్పి తగ్గకపోతే స్కాను తీయించిందట. నిన్ననే ఫలితం వచ్చింది. జబ్బు ఎముకల్లోకి పాకింది. చెప్పింది మందులిచ్చే డాక్టరు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరుకు ఇంకా తెలియదు.

కౌన్సిలరమ్మ ఆమె పక్కన కూర్చుంది. "మాట్లాడకపోయినా ఫర్వాలేదక్కా. కారణం కూడా చెప్పక్కర్లేదు. ఒంట్లో బాలేదంటాను, అంతే."

"మాట్లాడతాను. గడ్డ తగిలితే దాచుకోకండే అని చెప్పడానికి నా ఎముకలు అడ్డమొచ్చాయా? కాకపోతే మా పిల్ల ముందు వరుసలో కూర్చుంది. దానికింకా తెలీదు. రాత్రికి ఇంట్లో, అన్నాలయ్యాక, నేను చెప్పుకుంటా. ఇక్కడ ఎవరి నోటా బాగైందనీ రావద్దు, బాలేదనీ రావద్దు."

"రాదు" అన్నాను.

గులాబీ రంగు పట్టీ పట్టుకుని ఒక వాలంటీరు వచ్చింది. భుజం మీంచి వేసుకునేది. "ఐదేళ్ల విజేత" అని దాని మీద అచ్చు. కౌన్సిలరమ్మ వద్దని పంపేసింది. వెళ్లి పెద్ద డాక్టరుకు కూడా చెప్పి వచ్చింది, జబ్బు సంగతి ఎత్తవద్దని, పట్టీ వద్దని. ఎందుకో చెప్పలేదు. చెప్పే హక్కు ఆమెకు లేదు. ఆయన తలూపాడట.

నేను మైకు ముందుకు వెళ్లాను. క్లచ్చమ్మ పేరు చెప్పాను. ఏం నేర్పుతుందో చెప్పాను. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు చేతులెత్తండి అన్నాను. హాల్లో చాలా చేతులు లేచాయి. నవ్వులు వినిపించాయి.

పెద్ద డాక్టరు కుర్చీలోంచి వంగాడు. "కేన్సరును జయించిందని చెప్పవయ్యా. అసలు సంగతి వదిలేస్తావేం?"

"ఆమె సంగతి ఆమె చెబుతుంది" అని నేను దిగిపోయాను.

ఆమె బాగా మాట్లాడింది. కారు ఇంజన్లో చిన్న శబ్దం వస్తే మెకానిక్ దగ్గరికి పరుగెడతారు, ఒంట్లో గడ్డ తగిలితే మాత్రం పండగలా వాయిదా వేస్తారేమే అని తిట్టింది. ఆడవాళ్లు నవ్వుతూ తలలు దించుకున్నారు. అడగాల్సినవి అడిగారు. "ఇప్పుడు మీకు పూర్తిగా తగ్గిపోయిందా?" అని ఒకామె లేచింది. సొంత విషయాలు వద్దని కౌన్సిలరమ్మ అడ్డుపడింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అయిపోయిందనుకున్నాం. పెద్ద డాక్టరు లేచాడు. పట్టీ ఆయన చేతిలో ఉంది. తనే ఆమె భుజం మీద వేశాడు. మైకు అందుకున్నాడు.

"ఈవిడ మొహమాటపడుతోంది. నేను చెబుతాను. ఐదేళ్లు దాటింది. ఇక ఈమెకు జబ్బు లేదు. రాదు. హామీ నాది!"

హాలు మోగిపోయింది. ముందు వరుసలోంచి ఆమె కూతురు వేదిక మీదికి ఎక్కేసింది. తల్లిని వాటేసుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. ఫోన్లు వెలిగాయి. క్లచ్చమ్మ నవ్వింది. అంత బరువు మోస్తూ నవ్విన మనిషిని అంతకు ముందు ఒక్కసారే చూశాను, అదే వేదిక మీద.

నేను కారు దాకా వాళ్లతో వెళ్లాను. పిల్ల ఫోనులో అరుస్తోంది. "అమ్మమ్మా, అమ్మకి ఇక రాదంట! పెద్ద డాక్టరే హామీ ఇచ్చాడు! ఆదివారం అందరూ రండి, నేనే వండుతా!" ఒక ఫోను పెట్టి ఇంకోటి. పెద్దమ్మకి, అత్తకి, స్నేహితురాలికి.

క్లచ్చమ్మ నా వైపు చూసింది. "రాత్రి దాకా ఆగలేను బాబాయ్" అంది. "ఇంకో నాలుగు ఫోన్లయితే ఊరంతటికీ నేనే మళ్లీ ఫోన్లు చేసి చెప్పుకోవాలి."

తాళాలు కూతురికి ఇచ్చింది. తాను రెండో బ్రేకు ఉన్న వైపు కూర్చుంది. పట్టీ తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంది. అద్దాలు ఎత్తేసింది.

నేను కాస్త దూరంగా నిలబడ్డాను. పిల్ల ఇంజన్ స్టార్టు చేసింది. కారు కదల్లేదు. తల్లి పెదాలు కదిలాయి. పిల్ల తల అడ్డంగా ఊపింది, ఊపుతూనే ఉంది. తర్వాత స్టీరింగ్ మీద వాలిపోయింది.

హారన్ మోగడం మొదలైంది. ఆగలేదు. తల్లి చెయ్యి పిల్ల వీపు మీద ఉంది. పిల్ల తల లేపలేదు.

జనం ఆగి చూశారు. పెద్ద డాక్టరు మెట్లు దిగుతూ మొహం చిట్లించాడు.

"ఆసుపత్రి ముందు ఆ హారనేంటయ్యా? రోగులున్నారని తెలీదా?"

కౌన్సిలరమ్మ నా వైపు చూసింది, చెప్పవద్దన్నట్టు. చెప్పడానికి అది నా సంగతి కాదు.

ఆయన తన కారెక్కి వెళ్లిపోయాడు.