రెండు ఫోటోలు, ఒక దారం

ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక సందులో కాశీరాం టోపీలు కుట్టేవాడు. చొక్కాలూ లాగులూ కుట్టేవాళ్లు ఊళ్లో డజను మంది ఉన్నారు, వాళ్లంటే అతనికి చిన్నచూపు. "చొక్కా వదులైతే గాలి తగుల్తదంటరు. టోపీ వదులైతే మనిషిని చూసి నవ్వుతరు" అనేవాడు. నవ్వే వంతు ఎప్పుడూ తనదే అన్నట్టు ఉండేవాడు కూడా. దారిన పోయే ప్రతి తలకూ ఏదో ఒక వంక పెట్టకపోతే అతనికి పొద్దు గడిచేది కాదు.

ఆ యేడు పసుపు కొమ్ములు మార్కెట్‌కు దిగుతున్న రోజుల్లో నీలవ్వ అతని దుకాణం మెట్టెక్కింది. ఆమె కూతురు గంగామణికి మోర్తాడ్ సంబంధం కుదిరింది. పిల్లవాడు గంగాకిషన్ దుబాయిలో క్రేన్ నడుపుతాడు. రెండు నెలల్లో సెలవు మీద వస్తాడు, వచ్చిన నాలుగో రోజే వరపూజ. ఆ వేళ పిల్ల తరఫువాళ్లు బట్టలు పెట్టి, పెద్దల ముందు పెళ్లికొడుకు తలమీద మఖమల్ టోపీ ఉంచాలని మోర్తాడ్ వాళ్లు గట్టిగా చెప్పి పంపారు.

"మనిషి దుబాయిల, తల దుబాయిల. కొలత యాడికెల్లి తేవాలె?" అన్నాడు కాశీరాం.

నీలవ్వ కొంగుముడి విప్పి ఫోటో తీసింది. సంబంధం కుదిర్చిన ముత్తెన్న ఇచ్చిన ఫోటో అది. అందులో సన్నటి పొడుగు మొహం కుర్రాడు, భుజమ్మీద పెద్ద టేప్‌రికార్డర్ పెట్టుకుని, వెనక తెరమీద గీసిన నెమలిని కప్పేసి నిలబడ్డాడు.

"మస్తున్నడు గదా అన్నా!"

"టేప్‌రికార్డర్ మస్తున్నది" అన్నాడు కాశీరాం.

నీలవ్వకు మాత్రం నవాబులు పెట్టుకునేటంత ఎత్తు టోపీ కావాలట. కాశీరాం పళ్లు కొరికాడు. "పొడుగు మొహం మీద పొడుగు టోపీ పెడితె మొహం ఇంకింత సాగుతది చెల్లె. వీనికి కిందికి కూసున్న టోపీ ఉండాలె, పట్టీ వెడల్పు ఉండాలె. ఎత్తు టోపీ గుండ్రటి మొహపోల్లకు. నా పని నాకు చెప్పకు."

ఆకారం మొహం చూసి చెప్పొచ్చు. కొలత మాత్రం మొహం చూసి దొరకదు. ఈ టోపీ లోపల బక్రం అనే గట్టి గుడ్డ వేస్తారు, అది అరంగుళం కూడా సాగదు. కనుబొమ్మల పైన నుదుటి మీదుగా, చెవులకు వేలెడు పైన, వెనక బుడిపె చుట్టూ టేపు తిప్పితే వచ్చేదే కొలత. కెమెరా ఎంత దగ్గరగా ఉంటే ఫోటోలో తల అంత పెద్దగా పడుతుంది. ఈ సంగతి తెలియక ఫోటో మీద టేపు పెట్టి టోపీలు కుట్టిన ఘనులు నిజామాబాద్‌లో ఉన్నారని కాశీరాం పదేళ్లుగా చెప్పుకుని నవ్వుతున్నాడు.

కానీ ఈ ఫోటోలో తలపక్కనే టేప్‌రికార్డర్ ఉంది. అలాంటిది ఆర్మూర్‌లో సందుకొకటి ఉంది. కాశీరాం ఎదురింటి ఆశమ్మ దగ్గరికి వెళ్లి, ఆమె కొడుకు మస్కట్ నుంచి తెచ్చినదాన్ని కొలిచాడు. పద్దెనిమిది అంగుళాలు. ఫోటోలో అదే మూడు అంగుళాలుంది. అంటే ఫోటోలో ఒక అంగుళం అసలుకు ఆరు. తల వెడల్పు ఫోటోలో అంగుళానికి వెంట్రుకవాసి తక్కువ, అసలుకు అయిదూ ముప్పావు.

"అయితె కుట్టు" అంది నీలవ్వ.

"ఎదురుంగ చూస్తె వెడల్పే తెలుస్తది. ముందలికెల్లి ఎనుకకు ఎంతున్నదో నెమలికి తెలుసు, నాకు తెల్వది" అన్నాడు. పక్కవాటంగా ఇంకో ఫోటో కావాలన్నాడు. టేప్‌రికార్డర్ తలకంటే ముందుకూ వెనక్కూ పోకుండా, తలకు సమంగా పట్టుకోవాలి. జుట్టు నూనె రాసి అణచాలి. ముత్తెన్నతో కబురు పంపితే దారిలో సగం పోతుందని, ఫోటో వెనక రాసి ఉన్న దుబాయి అడ్రసు చూసి గంగామణి చేత తన ముందరే ఉత్తరం రాయించాడు. గంగామణి పదో తరగతి దాకా చదివింది, బీడీలు చుడుతుంది, మాట మెత్తన కాదు. రాస్తూ రాస్తూ ఫోటో వంక చూసి, "గీయన నన్ను సూస్తలేడు కాకా, టేప్‌రికార్డర్ ఎంతకు అమ్ముడుపోతదో సూస్తున్నడు" అంది. కాశీరాంకు ఆ మాట నచ్చింది. తనకు తప్ప ఊళ్లో ఇంకొకరికి నోరుందని అప్పుడే తెలిసింది.

నెల తర్వాత జవాబు వచ్చింది. కవరులో పక్కవాటం ఫోటో, చిన్న ఉత్తరం, ఉండలా చుట్టిన తెల్ల దారం.

"గీ దారమెందుకు?" అన్నాడు కాశీరాం.

గంగామణి చదివింది. "మీరు చెప్పినట్టు ఫోటో దిగిన. ఫోటోల సరిగ తెల్వదేమోనని తల సుట్టు దారం కొలిచి పంపుతున్న. నా తల జర పెద్దది, ముందల జుట్టు పోయింది. నూనె రాద్దామంటె రాయనీకె ఏం లేదు. టోపీ రాకున్నా ఫికర్ చెయ్యకుండ్రి. ఉన్న తలతోనే వస్త."

కాశీరాం దారాన్ని టేపు పక్కన పెట్టాడు. ఇరవై మూడు అంగుళాలు. పెదవి విరిచాడు. తర్వాత కొత్త ఫోటో కొలిచాడు. తల పొడవు ఎనిమిది అంగుళాలొచ్చింది. సన్నటి తీగను ఎనిమిది పొడవు, అయిదూ ముప్పావు వెడల్పు కోడిగుడ్డు వాటంగా వంచి చుట్టుకొలత తీస్తే ఇరవై ఒకటిన్నర.

"చెవుల మీదికెల్లి కొలిచి ఉంటడు. క్రేన్ నడిపెటోనికి దారం పట్టుడు వస్తదా?" అని కత్తెర అందుకున్నాడు. తన లెక్క మీద అతనికి అంత గురి. ఎదుటివాడు తప్పు చేసి ఉంటాడన్నది అతనికి ఎప్పుడూ తోచే మొదటి మాట, తరచు చివరి మాట కూడా.

గుడ్డ మీద కత్తెర పెట్టాడు కానీ చెయ్యి ఆగింది. చెవుల మీద కొలిచినా ఒకటిన్నర అంగుళం తేడా రాదు. దారం నిజమైతే ఈ తల వెడల్పు ఆరున్నర దాటాలి, మొదటి ఫోటోలో అయిదూ ముప్పావే. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి భూతద్దం తీశాడు. మనిషి లావెక్కుతాడు, జుట్టు రాలుతుంది, మీసం మారుతుంది. చెవి తమ్మె మారదు. మొదటి ఫోటోలో తమ్మె చెంపకు అంటుకుపోయి ఉంది. రెండో ఫోటోలో చింతగింజలా వేలాడుతోంది.

కాశీరాంకు కోపంతో చెవులు వేడెక్కాయి. నీలవ్వను పిలిపించి, ముత్తెన్నను మార్కెట్ కాంటా దగ్గరి నుంచి లాక్కొచ్చి కూర్చోబెట్టాడు.

"రెండు చెవులు చూడు. గిది ఒక్క మనిషేనా?"

ముత్తెన్న అటూ ఇటూ చూశాడు. నేల చూశాడు. "మొదటిది తమ్మునిది. పెద్దోని ఫోటో చూసి నాలుగు సంబంధాలు వద్దన్నయ్. గందుకే వాల్లమ్మ చిన్నోని ఫోటో ఇచ్చింది. పెద్దోనికి తెల్వది. ఒక్క కడుపున పుట్టినోల్లే గదా, ఏం తేడా?"

"ఒక్క మొక్కకు పుట్టింది గదా అని పసుపు కొమ్ము ధర పెట్టి దుంప కొంటవా నువ్వు?" అన్నాడు కాశీరాం.

నీలవ్వ సంబంధమే వద్దని లేచింది. ఆ ఫోటోను ఆమె సందంతా తిప్పి చూపించింది పాపం. గంగామణి మాత్రం రెండో ఫోటో చేతిలోకి తీసుకుంది. నున్నటి నుదురు, గుండ్రటి మొహం, కెమెరా వంక కాకుండా గోడ వంక చూస్తూ బుద్ధిగా నిలబడ్డ మనిషి. ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకుంది.

"అబద్ధమాడినోల్లు వేరు, ఉత్తరం రాసినాయన వేరు. దారం కొలతకు కుట్టు కాకా. గుండ్రటి మొహం గదా, ఎత్తు టోపీ కుట్టు" అంది. ఇంకా కోపం తీరక, "మొదటి ఫోటోకు గూడ ఒకటి కుట్టు. ఎవ్వరి మొహం పంపిండ్రో వానికే పెట్టొద్దాం" అని తల్లిని మళ్లీ కూర్చోబెట్టింది.

అలాంటి పని ఇంకొకరు చెప్పి ఉంటే కాశీరాం బయటికి గెంటేవాడు. ఇది చెవికి ఇంపుగా ఉంది. రెండు టోపీలూ కుట్టాడు, తమ్ముడి తల పొడవూ అన్నదంతే ఉంటుందనుకుని అతనిది తీగ కొలతకే కుట్టాడు. అస్తరు మందానికి చెరో పావు అంగుళం వదిలాడు, అంతకు మించి వదల్లేదు. పని అయ్యాక దారం కోసం చూస్తే బల్ల మీద లేదు. ఎలుక ఎత్తుకుపోయిందనుకుని ఎలుకను తిట్టాడు.

వరపూజకు కాశీరాం పిలవకున్నా మోర్తాడ్ బస్సెక్కాడు. ఫోటో మార్చిన ఆ తల్లి మొహం ఎలా మాడుతుందో చూడాలని అతని ఆశ, దాచుకోవడం ఎందుకు. పెద్దల ముందు చాప మీద గంగాకిషన్ కూర్చున్నాడు. నీలవ్వ ఎత్తు టోపీ తీసి అతని తలమీద పెట్టింది. నుదుటి మీద గీత గీసినట్టు కూర్చుంది, ఎక్కడా వేలు దూరే సందు లేదు. గుండ్రటి మొహానికి కాస్త పొడవొచ్చి మనిషి హుందాగా కనిపించాడు. తల్లి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు నీలవ్వ రెండో టోపీ తీసి, పక్కన నిలబడ్డ తమ్ముడి తలమీద పెట్టింది. అదీ అచ్చుగా సరిపోయింది.

"వీనికెందుకు అత్తమ్మా? వీని కొలత ఎవ్వలిచ్చిండ్రు?" అన్నాడు గంగాకిషన్.

నీలవ్వ మొదటి ఫోటో అతని చేతిలో పెట్టింది. "మీ అమ్మ ఇచ్చింది. నువ్వే అని ఇచ్చింది."

పెద్దల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు, తర్వాత నలుగురు నవ్వారు. తల్లి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాశీరాం కోరుకున్నది కళ్లముందు జరిగింది. కానీ అతను తల్లిని చూడడం మర్చిపోయాడు. గంగాకిషన్ ఆ ఫోటోలోని టేప్‌రికార్డర్‌ను వేలితో తడుముతున్నాడు. అది అతను మొదటి సెలవులో ఇంటికి తెచ్చింది.

"నా ఫోటో ఇంట్ల లేకుండెనా అమ్మా?" అన్నాడు. అంతే అన్నాడు. నవ్వినవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. జన్మలో మొదటిసారి కాశీరాంకు తన నవ్వు మీద తనకే రోత పుట్టింది.

గంగాకిషన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాశీరాం వైపు తిరిగాడు. "టోపీ కుట్టింది నువ్వే గదా కాకా, నిజం చెప్పు. గంగామణి ఏ ఫోటో చూసి ఒప్పుకున్నది?"

కాశీరాం నీలవ్వ వంక చూశాడు. నీలవ్వ తల దించుకుని, "దారం చూసి, బిడ్డా" అంది. "ఇంట్ల పెట్టెల పెట్టుకున్నది. నేను తీయబోతె చెయ్యి మీద కొట్టింది."

ఎలుక సంగతి కాశీరాంకు అప్పుడు అర్థమైంది. గంగాకిషన్ టోపీని రెండు చేతులా ఎత్తి, తనంతట తానే తలమీద పెట్టుకున్నాడు.