గంటకు ఎంత

జైపాల్ మొదటి దెబ్బ మనిషి మీద వేయలేదు, గోడ గడియారం మీద వేశాడు. సుత్తి తగిలి అద్దం భళ్లున పగిలి, ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పడింది. రెండో దెబ్బకు సుత్తి తిప్పి పట్టుకుని, దాని పిడికర్రతో షంషుద్దీన్ ఎడమ భుజం మీద కొట్టాడు. షంషుద్దీన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"గంటల లెక్క చెప్తవా నాకు? ఇగో, నీ గంటలు పగిలినయ్. ఇప్పుడు చెప్పు!"

జైపాల్‌కు మానుకోట రోడ్డులో కంకర మిషన్ ఉంది. దాన్ని తిప్పే ఇనుప షాఫ్టులు రెండు అరిగిపోయి, కొత్తవి చేయించడానికి జనగామ బస్టాండు వెనక ఉన్న ఈ షాపుకు ఇనుము తెచ్చి పడేశాడు. వారం దాటింది. ఇనుము మూలన పడేసినట్టే ఉంది. ఇవాళ కారణం అడిగితే షంషుద్దీన్ దాచకుండా చెప్పాడు: "ఒక్కో షాఫ్టు మీద ఇంకో పదహారు వందలియ్యి జైపాలన్నా, రేపే ఎక్కిస్త. కరెంటు మూడు గంటలే, పాత రేటుకు చేస్తే నేను మునుగుత." ఆ మాటకే సుత్తి లేచింది.

"సమ్మె పేరు చెప్పి దోచుకుంటున్నవారా? రేపు కరెంటు వచ్చేసరికి నా షాఫ్టు మిషన్ మీద ఉండాలె. లేకుంటే గీ సుత్తి గడియారంతోటి ఆగదు. లేత్ బెడ్డు రెండు ముక్కలైతది."

లేత్ బెడ్డు అంటే మిషన్‌కు వెన్నెముక లాంటిది. విరిగితే అతికేది కాదు. భుజం దెబ్బకు లొంగని షంషుద్దీన్ ఆ బెదిరింపుకు మాత్రం మోకాళ్ల మీదే జరిగి లేత్‌కు అడ్డంగా కూర్చున్నాడు. జైపాల్ ఉమ్మేసి వెళ్లిపోయాడు.

ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి చూసినవాడు రమేశ్. షాపులో సగం వాటాదారు. షంషుద్దీన్ లేత్ మీద పని చేస్తాడు, రమేశ్ వెల్డింగ్ చేస్తాడు, బయట తిరిగి పనులు తెస్తాడు. పదిహేనేళ్ల దోస్తీ. కొట్టేటప్పుడు అడ్డం రాలేదని షంషుద్దీన్‌కు కడుపు మండింది.

"చూసుకుంట నిలబడ్డవ్ గదా రమేశూ!"

"నేను మాటిచ్చిన షంషుభాయ్. పది రోజుల్ల ఇస్తమని నేనే మాటిచ్చిన. ఏ మొఖంతోటి అడ్డమొస్త?"

"మాటిచ్చే ముందు నన్నడిగినవా?"

"అడిగేదేముంది? కోత బిట్ల ఖర్చు, ఆయిల్ ఖర్చు పోను షాఫ్టుకు రెండువేల నాలుగొందలు మిగుల్తయ్. నువ్వు మోటార్లకేసే తొంభై రూపాయల బుష్‌లు చేసుకుంట కూసున్నవ్. చిల్లర పనికి పెద్ద పనిని కాలదన్నుకుంటరా ఎవరన్నా?"

ఇక్కడే ఉంది వాళ్లిద్దరి మధ్య ముడి. పోయిన ఏడాది కరెంటు పొద్దంతా ఉండేది. రోజుకు పది గంటలు మిషన్ తిరిగేది. చిన్న పనులన్నీ అయిపోయాక ఇంకా సగానికి పైగా పొద్దు ఖాళీగా మిగిలేది. ఆ ఖాళీలో షాఫ్టులు చేస్తే వచ్చిందంతా లాభమే. అప్పుడు జైపాల్ పని దొరకడం అదృష్టమే. రమేశ్ మనసు అక్కడే ఆగిపోయింది. ఈ ఏడాది తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెలోకి దిగారు. భూపాలపల్లి గనుల్లో బొగ్గు తవ్వే చేతులు ఆగాయి. ఆ బొగ్గుతో నడిచే చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కూడా చల్లబడతాయని అంటున్నారు. జనగామకు కరెంటు రోజుకు మూడు గంటలు. అదీ కొత్తల్లుడి తీరు. ఎప్పుడొస్తుందో చెప్పదు, వచ్చిందంటే అందరూ లేచి నిలబడాలి. సమ్మె మీద షాపులో ఎవరికీ కోపం లేదు. ఇద్దరూ సాయంత్రాలు దీక్ష టెంటులో కూర్చునేవాళ్లే. కానీ కిరాయికి, రెండిళ్ల తిండికి రోజుకు ఎనిమిది వందలు కావాలి. మిషన్ తిరిగినా ఆగినా ఆ ఖర్చు ఆగదు.

షంషుద్దీన్ లేచి, సుద్దముక్క తీసి, లేత్ పక్కన నేల మీద గీత గీశాడు. ఎడమ చెయ్యి ఒంటికి అదుముకునే ఉన్నాడు.

"పనికి ఎంత మిగుల్తదని చూడకు. గంటకు ఎంత మిగుల్తదో చూడు. షాఫ్టు పన్నెండు గంటలు మింగుతది. గంటకు రెండొందలే. ట్రాలీ చక్రానికేసే హబ్ రెండు గంటలు, ఐదొందలు. గంటకు రెండొందల యాభై. బుష్ పావుగంట, తొంభై. గంటకు మూడొందల అరవై. నీ చిల్లర పనే అన్నిటికన్న ముందుంది."

"అయితే పొద్దంతా బుష్‌లే చెయ్యి!"

"కొనేటోళ్లు ఉండొద్దా? రోజుకు ఎనిమిదికి మించి అడుగుతలేరు. అయి రెండు గంటల్ల అయితయ్. మిగిలిన గంట హబ్‌లకు. ఏడొందల ఇరవై, ఇంకో రెండొందల యాభై. తొమ్మిదొందల డెబ్బై. అదే మూడు గంటలు షాఫ్టుకిస్తే ఆరొందలు. రోజూ రెండొందలు ఇంట్లకెల్లి తెచ్చి కిరాయి కట్టాలె. షాఫ్టుకు నాలుగు రోజులు పోతయ్. ఆ నాలుగు రోజులు మిగిలిన పనులు ఇచ్చే పైసలు దగ్గర దగ్గర నాలుగు వేలు. షాఫ్టు ఇచ్చేది రెండువేల నాలుగొందలే. అందుకే పదహారు వందలు ఎక్కువ అడిగిన. అది దోపిడా?"

రమేశ్ ఆ సుద్దగీతల వైపు చూడనైనా లేదు. "నీ లెక్క నేల మీద బాగనే ఉంటది. రేపు సుత్తి నేల మీద పడదు, మిషన్ మీద పడ్తది" అన్నాడు. ఆ మాటకు షంషుద్దీన్ సుద్దముక్క వాడి మొహాన విసిరాడు. రమేశ్ అతని కాలరు పట్టుకున్నాడు. పదిహేనేళ్లలో మొదటిసారి ఒకరి మీద ఒకరు చెయ్యి చేసుకున్నారు. రమేశ్ పెదవి చిట్లింది. షంషుద్దీన్ చొక్కా చినిగింది. వాళ్లను విడదీసింది చిలుకమ్మ. పాలకుర్తి దగ్గరి పల్లె నుంచి మోటార్ బుష్ కోసం వచ్చిన ముసలామె.

"సిగ్గుండాలెరా ఇద్దరికి! నా మడి ఎండుతాంది. బుష్ చేసిచ్చి అటెన్క సావుండ్రి."

కరెంటు వస్తూ పోతూ ఉంటే మోటార్లు తెగ చెడిపోతున్నాయి. కంకి వేయబోతూ పొట్ట మీదున్న వరికి నీళ్లు పారకపోతే రైతు ఏడాది పోయినట్టే. ఆ రోజు కరెంటు రాగానే షంషుద్దీన్ ఒక్క చేత్తోనే తంటాలు పడి ఆమె బుష్ ముందు చేసి ఇచ్చాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నిమిషం కూడా వృథా కాకూడదని షంషుద్దీన్ ఒక పని చేశాడు. పొలాల్లో మోటార్లకు పెట్టే ఆటో స్టార్టర్ తెచ్చి లేత్‌కు బిగించాడు. కరెంటు వచ్చిన క్షణమే మిషన్ దానంతటదే తిరుగుతుంది. అది పొలంలో మోటారుకు సరే, మనిషి చెయ్యి పెట్టే మిషన్‌కు మృత్యువు. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే ఇనుప దిమ్మను పళ్లతో పట్టుకునే చక్‌ను ముట్టుకోవాలంటే ముందు మెయిన్ స్విచ్ కిందికి లాగేవాడు. పళ్లు బిగించే చక్ కీ తీసి మేకుకు తగిలించాకే మళ్లీ పైకి ఎత్తేవాడు. ఎప్పుడూ తప్పలేదు. అది తన ఒక్కడి అలవాటని, షాపులో ఇంకో మనిషి ఉన్నాడని మాత్రం ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున భుజం వాచి చెయ్యి లేవకపోతే షంషుద్దీన్ దవాఖానకు పోయాడు. కట్టు కట్టించుకుని వస్తుంటే సందు మలుపులోనే వీధి దీపం వెలిగింది. కరెంటు వచ్చిందని అడుగు పెంచాడు. అప్పుడే షాపులోంచి కేక వినిపించింది. మనిషి కేక అనిపించలేదు.

లోపల లేత్ ఊగిపోతూ తిరుగుతోంది. చక్‌లో జైపాల్ ఇనుము సగం బిగించి ఉంది. రమేశ్ నేల మీద వెల్లకిలా పడి, రెండు చేతులతో మొహం కప్పుకుని కాళ్లు కొట్టుకుంటున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం నిన్నటి సుద్దగీతల మీదికి పారుతోంది. మూరెడు దూరంలో చక్ కీ పడి ఉంది. షంషుద్దీన్ మెయిన్ లాగేసి రమేశ్ మీద పడ్డాడు.

"యా అల్లా! రమేశూ! చెయ్యి తియ్యి, జర చూడనీ!"

ఎడమ కన్ను ఉండాల్సిన చోట కన్ను లేదు.

గోడకు ఆనుకుని జైపాల్ నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. "నేనేం జెయ్యలే. జల్ది జల్ది అన్న, గంతే. కీ దాంట్లనే ఉంచి వంగి చూస్తాంటే మిషన్ తిరిగింది, కీ ఎగిరి మొఖానికి తగిలింది" అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "మల్ల నా షాఫ్టు ఎవరు చేస్తరు?" అన్నాడు.

షంషుద్దీన్ చక్ కీ అందుకున్నాడు. దాని మీద రమేశ్ రక్తం ఇంకా వెచ్చగా ఉంది. మంచి చేత్తో ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. జైపాల్ మణికట్టు ఎముక విరిగిన చప్పుడు వీధి దాకా వినిపించింది. జైపాల్ అరుస్తూ, చెయ్యి పొట్టకు అదుముకుని వీధిలోకి పరుగెత్తాడు. ఆ తర్వాత షంషుద్దీన్ నిన్నటి సుత్తి తీసుకుని ఆటో స్టార్టర్ మీద పడ్డాడు. డబ్బా నలిగి, వైర్లు తెగి, లోపలి రాగి బయటికి వచ్చేదాకా కొట్టాడు. ఇరుగుపొరుగు వచ్చి ఆపకపోతే గోడ కూడా కూలేదేమో.

బంద్ రోజు. బస్సు లేదు. టమాటాలు మోసే ఆటోలో రమేశ్‌ను పడుకోబెట్టి, షంషుద్దీన్ అతని తల తన ఒళ్లో పెట్టుకుని వరంగల్ దాకా తీసుకుపోయాడు. దారిలో రోడ్డు మీద వంట చేసుకుంటున్న సమ్మె జనం రక్తం చూసి రాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు. రమేశ్ ఒక్కటే మాట గొణుగుతున్నాడు. "మిషన్ పలగ్గొడ్తడని ఎక్కించిన భాయ్. మిషన్ కోసమే ఎక్కించిన."

కన్ను దక్కలేదు. ప్రాణం దక్కింది. జైపాల్ పోలీసుల దగ్గరికి పోలేదు, పోతే గడియారం సంగతి, భుజం సంగతి కూడా బయటికి వస్తాయని. ఇనుము మాత్రం మనుషులను పంపి తీసుకుపోయాడు. రమేశ్‌ను జనగామ దవాఖానకు మార్చాక షంషుద్దీన్ పొద్దున అక్కడ కూర్చునేవాడు, మధ్యాహ్నం వచ్చి బుష్‌లు చేసేవాడు. ఇప్పుడు కరెంటు వచ్చినా మిషన్ కదలదు. అతను లేచి వెళ్లి, చక్ చూసి, కీ మేకుకు ఉందని చేత్తో తడిమి, అప్పుడు స్విచ్ నొక్కాలి.

కంటి కట్టు విప్పిన రోజు రమేశ్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. షంషుద్దీన్ బత్తాయి వొలుస్తున్నాడు.

"భాయ్, ఆ స్టార్టర్ పెట్టినంక రోజుకు ఎంత టైం మిగిలేది?"

షంషుద్దీన్ చేతులు ఆగాయి. "నాలుగు నిమిషాలు. ఎక్కువల ఎక్కువ."

రమేశ్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. నేల మీద గీసి చూపించిన రోజు చూడనైనా చూడని లెక్క అది. ఇప్పుడు తప్పు లేకుండా చేశాడు.

"గంటకు మూడొందల అరవై. అంటే నిమిషానికి ఆరు. నాలుగు నిమిషాలకు ఇరవై నాలుగు రూపాయలు."

మంచి కన్నుతో షంషుద్దీన్ వైపు తిరిగాడు.

"నీ లెక్క కరెక్టే భాయ్" అన్నాడు.

షంషుద్దీన్ బత్తాయి తొనలు దుప్పటి మీద వదిలేసి, మంచం పట్టీకి తల ఆనించి, చుట్టూ మంచాల వాళ్లు లేచి చూసేలా ఏడ్చాడు.