ముప్పై మంది కల్లు

మూడో తరగతి టీచరమ్మ డిక్టేషన్ పరీక్షకు ఇరవై మాటలు ఏరింది. సున్నా మాటలు ఐదు, చెప్పు, గొడ్డలి లాంటి ఒత్తులవి ఐదు, చక్రం, పుస్తకం లాంటివి ఐదు, చివర ళ్ళ వచ్చేవి ఐదు. అన్నీ పిల్లలు పాఠాల్లో చదివినవే. మాటకు రెండు మార్కులు: ఏ అక్షరం కోసం ఆ మాట పెట్టిందో దానికొకటి, మిగతాదానికొకటి. కళ్ళు అని రాసినా, కళ్లు అని రాసినా ఒప్పే.

రెండు సెక్షన్లకూ ఒకే గొంతు వినిపించాలని హెడ్‌మాస్టరు తానే చదువుతానన్నాడు. ఆయనకు కట్టుడు పళ్ళు పెట్టి మూడు రోజులైంది.

పేపర్లు దిద్దుతుంటే టీచరమ్మకు అనుమానమొచ్చింది. రెండు సెక్షన్లూ కలిపి ముప్పై ఒక్క మందిలో ముప్పై మంది ‘కల్లు’ అని రాశారు. పల్లు, నీల్లు, ముల్లు, పెల్లి. ఒక్క పాప మాత్రం ఐదూ సరిగ్గా రాసింది.

"సారు చెప్పింది రాయలేదా?" అని అడిగింది.

"సారు చెప్పేది తేడాగా వినిపించింది టీచర్. పుస్తకంలో చదివినట్టు రాశా."

హెడ్‌మాస్టరు పేపర్లన్నీ తిరగేశాడు.

"డిక్టేషన్ అంటే విన్నది రాయడం కదమ్మా. ఈ పాపకి మార్కులెలా వేస్తాం?"

"మిగతావాళ్ళకి వేద్దామా అయితే? కల్లు రాసినందుకు?"

"నేను కళ్ళు అనే అన్నాను." ఈసారీ ఆయన నోట ‘కల్లు’ అనే వచ్చింది.

టీచరమ్మ ఆయన మాట ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. ఆయన జాలిపడ్డాడు.

"ఎవరిదమ్మా ఈ గొంతు? పాపం, నాలుక మందం."

పక్క బల్ల దగ్గరున్న డ్రిల్లు మాస్టారు కిటికీ వైపు తిరిగి దగ్గాడు.

చివరకు టీచరమ్మే తేల్చింది. పిల్లలకు రాయడం రాదో, సరిగ్గా వినపడలేదో ఆ ఐదు మాటలు చెప్పలేవు. అందరికీ వాటిని తీసేసి, అదే తీరువి కొత్తవి ఐదు తానే రెండు సెక్షన్లలోనూ చదువుతుంది. మాట, ఒక వాక్యం, మళ్ళీ మాట. హెడ్‌మాస్టరు ఒప్పుకున్నాడు గానీ, పరీక్ష న్యాయంగా ఉందో లేదో తానూ రాసి చూస్తానన్నాడు.

మర్నాడు ఆయన వెనక బెంచీలో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఊళ్ళు. రైలు ఎన్నో ఊళ్ళు దాటింది. ఊళ్ళు."

పిల్లలు రాశారు. ఆయన కూడా నోట్లో పలుక్కుంటూ రాశాడు.

ముప్పై ఒక్క మందిలో ఇరవై ఎనిమిది మందికి పదికి పది వచ్చాయి. హెడ్‌మాస్టరుకు తొమ్మిది. ఊల్లు అని రాశాడు. టీచరమ్మ ఆ ‘ల్లు’ చుట్టూ ఎర్ర సిరాతో గీసి, తప్పు రాసిన ముగ్గురు పిల్లలకు తగ్గించినట్టే ఒక్క మార్కు తగ్గించింది.

మార్కుల మీద సందేహాలున్నవాళ్ళు రావచ్చని ఆమె చెప్పగానే బల్ల ముందు ఇద్దరు పిల్లలు నిలబడ్డారు. వాళ్ళ వెనక, పేపరు పట్టుకుని, ఆయన నిలబడ్డాడు.