గోడ వరస

చక్రధర్ తన తల్లి పేరు మీద సండూరు దారిలోని బడికి ఒక గది కట్టించి ఇచ్చాడు. రెండోది కూడా అచ్చం అట్లే కట్టించమని బ్రూస్‌పేటలో ఆఫీసు పెట్టుకున్న ఆర్కిటెక్టు హిమజకు పని అప్పజెప్పాడు. ఆమెకు సొంతంగా దొరికిన మొదటి పని అది. మారుమాట్లాడకుండా నకలు గీసిచ్చినా అడిగేవాళ్లు లేరు.

కానీ కొలతలకు పోయిన రోజు టీచరు నేత్రావతి ఒక మాట చెప్పింది. కిటికీలన్నీ వరండా వైపే. రోడ్డు వైపు గోడ పక్కన కూర్చునే పిల్లలు మధ్యాహ్నానికే తలనొప్పి అంటారు, రాత తప్పుతారు. కూలికి పోయేవాళ్ల పిల్లలు ఆలస్యంగా వచ్చి ఆ వరసలోనే కూర్చుంటారు గనక, వాళ్లకు చదువు రాదని పేరు పడింది.

హిమజ లెక్క చూసుకుంది. గది నేల వైశాల్యంలో ఐదో వంతు మేర కిటికీలున్నాయి. నియమం ప్రకారం తప్పేమీ లేదు. అయినా మబ్బు పట్టిన రోజు వెలుగు కొలిచే మీటర్లు రెండు తీసుకుని మళ్లీ వచ్చింది. నేత్రావతి ఆరుబయట ఒకటి పట్టుకుంటే, అదే సమయంలో హిమజ గదిలో బల్లల మీద రెండోది పెట్టి చూసింది. బయటి వెలుగు వంద పాళ్లనుకుంటే కిటికీ పక్కన నాలుగు పాళ్లు పడుతోంది. కనీసం రెండు కావాలి. గోడ వరసలో అర పాలే ఉంది. సగటు తీస్తే గది బాగున్నట్టే కనబడుతుంది. పిల్లలు సగటులో కూర్చోరు కదా అనుకుంది హిమజ.

రోడ్డు వైపు కిటికీలు పెడదామంటే చక్రధర్ ఒప్పుకోలేదు.

"గనుల లారీలు పోయే దారిమా అది. ఎర్ర దుమ్మంతా పిల్లోళ్ల నోట్లోకి వస్తాది," అన్నాడు. ఆ లారీల్లో సగం ఆయనవే. ఆయన భయం నిజమే కూడా.

ఆమె వాదించలేదు. గోడ వరసలో కూర్చొని పాఠం చదవమని పుస్తకం ఇచ్చింది. ఆయన దాన్ని కళ్ల దగ్గరకు తెచ్చాడు, కిటికీ వైపు తిప్పాడు, చివరికి లేచి నిలబడ్డాడు.

"యాడ కనపడతాది ఈడ?" అన్నాడు మెల్లగా. పుస్తకం మూసి, "దుమ్ము రాకుండా వెలుగు ఎట్ల తెస్తావు?" అని అడిగాడు.

రోడ్డు వైపు గోడలో, తలుపు కంటే ఎత్తులో, తెరుచుకోని అద్దాలు పెడదామంది. పైనుంచి వచ్చే వెలుగు లోపలిదాకా పోతుంది. ఆ గోడ ఉత్తరం వైపు గనక ఎండ బల్లల మీద పడదు. వరండా కిటికీల్లో కింది భాగం తగ్గించి, ఆ మేరకే ఈ గోడ పైభాగంలో అద్దాలు పెడితే మొత్తం ఐదో వంతు అట్లే ఉంటుంది.

రెండో గది అట్లే లేచింది. మబ్బు రోజు కొలిస్తే గోడ వరసలోనూ రెండు పాళ్లు దాటింది. అద్దాలు నెల తిరగకుండానే ఎర్రబడి వెలుగు తగ్గింది. చక్రధర్ వాటిని కడగడానికి మనిషిని పెట్టాడు, మొదటి గది గోడ కూడా పైన కొట్టించి అట్లాంటి అద్దాలే పెట్టించాడు. దుమ్ము లేవకుండా రోడ్డు మీద నీళ్లు చల్లిస్తానని ఆయన ఇచ్చిన మాట మాత్రం ఒక్క ఎండాకాలమే నిలిచింది.

చదువు రాదని పేరు పడ్డ పిల్లల్లో ఒకతి, కూలికి పోయే భీమక్క కూతురు, ఇప్పుడూ గోడ వరసలోనే కూర్చొని, తలెత్తకుండా రాసుకుంటోందని నేత్రావతి ఫోను చేసి చెప్పింది.