బెండకాయకి ఏడు నీళ్లు

ఆసుపత్రి వంటింట్లో ఇరవై రెండేళ్లుగా గరిటె తిప్పుతున్న వంటక్కని బెండకాయ ఎప్పుడూ భయపెట్టలేదు. ఆ సోమవారం పొద్దున మాత్రం భయపెట్టింది.

కారణం సర్క్యులర్ సారు. ఆయన అసలు హోదా కిచెన్ మేనేజర్. గరిటె ముట్టింది లేదు గానీ, కలం పడితే దించేవాడు కాదు. చెంచాలు ఎటు తిరిగి ఉండాలో కూడా కాగితం మీద రాసి గోడకి అంటించేవాడు. అందుకే ఆ పేరు. ఆయన తోడల్లుడు ఫోన్లో ఓ వీడియో పంపాడు. కోసిన బెండకాయలోంచి తీగలా సాగే జిగురు విషమట, పేగులకి అతుక్కుంటుందట, మోకాళ్లలోకి దిగి గడ్డకడుతుందట.

"ఇకనుంచి కోసిన ముక్కల్ని ఏడు నీళ్లలో కడగాలి. జిగురు పూర్తిగా పోవాలి" అని ఆర్డరేశాడు.

"కడిగి, తుడిచి, ఆరాక కోస్తాం సార్. కోశాక నీళ్లు తగిలితే..."

"నువ్వు చదువుకున్నావా, నేను చదువుకున్నానా?"

వంటక్క తొట్టి తెచ్చి పెట్టింది. చదువు మాటకి కాదు, మోకాళ్ల మాటకి. ఇంటి దగ్గర భర్తకి మూడేళ్లుగా మోకాళ్ల నొప్పులు. ఆయనకి ప్రాణమైన కూర బెండకాయ. 'ఇన్నాళ్లూ నా చేత్తోనే ఆ మనిషి కీళ్లలో బంక పోశానా?' అనుకుంటూ కత్తిపీట ముందు కూర్చుంది.

ముప్పై కిలోల ముక్కలు తొట్టిలో పడ్డాయి. మొదటి నీళ్లకే తొట్టి గుడ్డు తెల్లసొనలా అయింది. మూడో నీళ్లకి చెయ్యి పెడితే మోచేతి దాకా తీగలు. సారు కళ్లు పెద్దవి చేసి, "చూశావా! ఎంత విషం వస్తోందో! ఇంకా కడగండి!" అన్నాడు. కడిగేకొద్దీ వచ్చింది. వచ్చేకొద్దీ కడిగించాడు. ఏడో నీళ్లకి గింజలు తొట్టిలో తేలుతున్నాయి, తొక్కలు బుట్టలో మిగిలాయి, సారు ఆనందంలో తేలుతున్నాడు.

ఆ కూర వార్డుల్లోకి ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. కాలికి కట్టు కట్టుకున్న ఓ పెద్దాయనైతే, "ఇది తినడానికా, కట్టుకి పూయడానికా?" అని నర్సుని అడిగాడట. ఆ మాట మూడో రోజుకి విన్న డైటీషియన్ మేడమ్ మెట్లు దిగి వచ్చింది. సారు ఫ్రిజ్‌లో దాచిన జిగురు నీళ్ల సీసా తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు, హత్య కేసులో సాక్ష్యంలా.

మేడమ్ వేలు ముంచి చూసి నవ్వింది. "ఇది విషం కాదండీ. నీళ్లలో కరిగే పీచు. కాయ కోయగానే బయటికొస్తుంది, నీళ్లు తగిలితే ఉబ్బి సాగుతుంది. మీరు కడిగి పోగొట్టలేదు, కడిగి బయటికి లాగారు."

వంటక్క ఉండబట్టలేక అడిగింది: "మోకాళ్లలోకి దిగదా మేడమ్?"

"పీచు పేగు దాటి రక్తంలోకే వెళ్లదక్కా, మోకాలిదాకా ఎక్కడికి? పేగులో నీళ్లు పట్టి ఉంచి మలాన్ని మెత్తగా చేస్తుంది. పొద్దున్నే మలబద్ధకానికి ఇసబ్‌గోల్ కలుపుకుంటారు చూడు, అదీ ఇలాంటి జిగురే."

వంటింట్లో అందరి తలలూ సారు వైపు తిరిగాయి. ఆయన ఆఫీసు బల్ల మీద ఇసబ్‌గోల్ డబ్బా లేని రోజు లేదు. ఆయన గోడ మీది సర్క్యులర్లు కొత్తగా చూస్తున్నట్టు చదువుకోసాగాడు.

"కోయకముందే కాయ పైన జిగటగా ఉండి, వాసనొస్తే మాత్రం అది కుళ్లు. పారేయండి" అంది మేడమ్.

మర్నాడు వంటక్క తన పద్ధతిలో చేసింది. కడిగిన కాయల్ని పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి కోసింది. వెడల్పు మూకుడులో మూత పెట్టకుండా పెద్ద మంట మీద వేయించి, ఉప్పు ఆఖర్న చల్లి, నిమ్మకాయ పిండింది. కంచాలు ఖాళీగా తిరిగొచ్చాయి.

మధ్యాహ్నానికి గోడ మీద కొత్త కాగితం: 'బెండకాయ జిగురు సర్వరోగ నివారిణి. సిబ్బంది అందరూ రోజూ పరగడుపున ఒక గ్లాసు తాగవలెను.'

మేడమ్ మళ్లీ మెట్లు దిగింది. "అది మందూ కాదండీ, కూర. కూరలా తిననివ్వండి" అని కాగితం పీకి చేతిలో పెట్టింది.

సాయంత్రం వంటక్క అర కిలో లేత కాయలు కొనుక్కుని ఇంటికెళ్లింది. మూడు రోజులుగా సొరకాయతో సరిపెట్టుకున్న భర్త వాసన పట్టి, మోకాళ్లు పట్టుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"ఏమే, నా మీద కోపం పోయిందా?"

"కోపమెక్కడిది? భయం" అని జరిగిందంతా చెప్పింది.

ఆయన పగలబడి నవ్వాడు. "బంకే పోసుంటే ఈ కీళ్లు ఇలా కిర్రుమంటాయా పిచ్చిదానా?" అంటూ కంచం ముందు కూర్చుని, రెండోసారి కూడా వడ్డించమన్నాడు.