ఇడ్లీ బాగోదని రాసిన పిల్ల

మా మనవరాలు మిరియంకి విశాఖపట్నంలో నర్సింగ్ సీటు వచ్చింది. మా ఊరు చోడవరం దాటి ఎప్పుడూ ఒంటరిగా ఉండని పిల్ల, ఎలాంటి హాస్టల్ దొరుకుతుందో అని నాకు ఒకటే దిగులు. మిరియం ఫోన్‌లో వెతికితే ఒక హాస్టల్‌కి అందరూ అయిదు స్టార్లే ఇచ్చారు.

"సదువే, ఇంటాను," అన్నాను.

"అద్భుతమైన సౌకర్యాలు, స్నేహపూర్వక సిబ్బంది, తప్పక సిఫారసు చేస్తాను," అని చదివింది. రెండోదీ అదే, మూడోదీ అదే, మాటలు కాస్త అటూ ఇటూ.

"ఒసే, ఇదేటే? మన చర్చిలో దేవుడు బాగుసేసేడని సాక్ష్యం సెప్పినోళ్ళు ఏ కాలు నొప్పో, ఎవరొచ్చి ప్రార్థన చేసేరో సెప్తారు గదా. ఈళ్ళలో ఒక్కరికైనా మంచం కిర్రుమనలేదా?"

మిరియం నవ్వింది. "నాకూ అదే అనుమానం నానమ్మా. కంప్యూటర్ చేత రాయించినట్టున్నాయి. కచ్చితంగా సెప్పలేం గానీ, ఇంకోటి సూద్దాం."

ఇంకో హాస్టల్‌కి మూడు స్టార్లే. సుధ అనే పిల్ల ఇలా రాసింది: "ఇడ్లీ రాయిలా ఉంటుంది. మేడ మీదికి నీళ్ళు సరిగా ఎక్కవు. నాకు జ్వరమొస్తే వార్డెన్ రత్నం ఆంటీ పక్కనే కూర్చుని జావ తాగించింది."

వెళ్ళి చూశాం. ఇడ్లీ నిజంగానే రాయి. వార్డెన్ రత్నమ్మ కూడా నిజంగానే ఉంది. అక్కడే చేర్పించాం.

వానల్లో మిరియంకి జ్వరం వచ్చింది. నేను బస్సు దిగి పరుగున వెళ్ళేసరికి రత్నమ్మ జావ గ్లాసుతో మంచం పక్కనే ఉంది.

ఆ సుధ ఎవరో, ఏ ఊరి పిల్లో నాకు తెలియదు. రోజూ ప్రార్థనలో మాత్రం ఆ పేరు తలుచుకుంటాను. కోలుకున్నాక మిరియం ఆ హాస్టల్ గురించి ఫోన్‌లో తనూ రాయడానికి కూర్చుంది.

"జావ సంగతి రాయే," అన్నాను. "ఇడ్లీ సంగతీ రాయి, లేపోతే ఎవులూ నమ్మరు."